రంగు కింద ఇనుము: పాత కారు బాడీని పరీక్షించే పద్ధతి

అమ్మకానికి పెట్టే ముందు సెకండ్ హ్యాండ్ కారును కడిగి, పాలిష్ పట్టి, సీట్లకు కొత్త కవర్లు తొడుగుతారు. బేరానికి వచ్చినవారు ముందుగా చూసేది ఆ మెరుపునే. ఆ తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి చప్పుడు వింటారు, ఏసీ వేసి చూస్తారు, కిలోమీటర్లు ఎంత తిరిగిందో అడుగుతారు. ఇవన్నీ అవసరమే. అయితే క్లచ్, బ్యాటరీ, టైర్లు, చివరికి ఇంజిన్ కూడా డబ్బు పెడితే మార్చుకోగలిగినవే. కారు బాడీ అలాంటిది కాదు. ఒకసారి పెద్ద దెబ్బ తిన్న బాడీని, లోపలినుంచి తుప్పు పట్టిన బాడీని మళ్లీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితికి తేవడం దాదాపు అసాధ్యం. అందుకే తనిఖీలో ఎక్కువ సమయం బాడీకే ఇవ్వాలి. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మంచి వెలుతురు, ఒక టార్చి, చిన్న అయస్కాంతం, కొలత టేపు చాలు.

బోల్టులతో బిగించినవి, వెల్డింగ్‌తో అతికినవి

పాతకాలపు జీపులకు, లారీలకు అడుగున విడిగా ఒక ఛాసిస్ ఉంటుంది. దానిమీద బాడీని కూర్చోబెడతారు. నేటి చిన్న కార్లలో చాలావాటికి అలాంటి విడి ఛాసిస్ ఉండదు. పలుచని ఉక్కు రేకులను మడిచి, పెట్టెల్లా చేసి, ఒకదానికొకటి వెల్డింగ్ చేస్తారు. ఆ మొత్తం నిర్మాణమే బరువును మోస్తుంది. దీన్ని మోనోకాక్ నిర్మాణం అంటారు.

ఈ నిర్మాణంలో కొన్ని భాగాలు పైకి బిగించినవి. బోనెట్, ముందు ఫెండర్లు, తలుపులు, డిక్కీ డోరు, బంపర్లు ఈ కోవలోకి వస్తాయి. బోల్టులు, క్లిప్పులు తీస్తే ఇవి ఊడి వస్తాయి. మరికొన్ని భాగాలు వెల్డింగ్‌తో అతికినవి. పైకప్పు, తలుపుల మధ్య నిలబడే పిల్లర్లు, వెనుక చక్రం పైనున్న క్వార్టర్ ప్యానెల్, ఇంజిన్‌కు రెండు పక్కలా ఉండే అప్రాన్లు, నేల, దాని కింద ముందునుంచి వెనక్కి సాగే పెట్టె ఆకారపు దూలాలు ఇందులో చేరతాయి. మొదటి రకం దెబ్బ తింటే మార్చుకోవచ్చు. రెండో రకం దెబ్బ తింటే అది కారు ఎముక విరిగినట్టే. తనిఖీ అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: దెబ్బ పైరేకు దగ్గరే ఆగిందా, ఎముక దాకా వెళ్లిందా?

దెబ్బ ఎంత దూరం వెళ్తుందనేది శక్తిని బట్టి ఉంటుంది. వెయ్యి కిలోల కారు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొంటే, ఆ కారును సుమారు 1.6 మీటర్ల ఎత్తునుంచి జారవిడిచినంత శక్తి దాని ముందుభాగంలో దిగుతుంది. వేగం 40 కిలోమీటర్లయితే శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అంటే 6 మీటర్లకు పైగా ఎత్తునుంచి, దాదాపు రెండంతస్తుల మేడమీదినుంచి పడినట్టు. ఈ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. ముందు బంపరు, తర్వాత దాని వెనకున్న అడ్డపట్టీ, ఆ తర్వాత దూలాలు వరసగా నలుగుతూ దాన్ని పీల్చుకుంటాయి. ప్రయాణికులను కాపాడేందుకు వాటిని అలా నలిగేలాగే తయారుచేస్తారు. ఒకసారి నలిగిన ఉక్కును లాగి సరిచేసినా, మడత పడినచోట దాని గుణం మారిపోతుంది. గ్యాస్ మంటతో వేడిచేసి సరిచేస్తే నేటి కార్లలో వాడే హైస్ట్రెంగ్త్ ఉక్కు తన బలంలో కొంత కోల్పోతుంది. అలాంటి దూలం రెండోసారి ఢీకొన్నప్పుడు మొదటిసారిలా పనిచేస్తుందని నమ్మలేం.

మొదట కంటితో

కారును పగటి వెలుగులో, పొడిగా ఉన్నప్పుడు చూడాలి. వాన కురుస్తున్నప్పుడు, అప్పుడే కడిగినప్పుడు చూస్తే ఉపయోగం లేదు. నీటి పొర చిన్న ఎత్తుపల్లాలను నింపేసి, ఉపరితలం నునుపుగా ఉన్నట్టు చూపిస్తుంది.

హెడ్‌లైట్ పక్కన వంగి, కంటిని రేకు మట్టానికి తెచ్చి, కారు పొడవునా వెనక్కి చూడాలి. పక్కనున్న కరెంటు స్తంభమో, కిటికీ అంచో రేకుమీద ప్రతిబింబిస్తుంది. నెమ్మదిగా నడుస్తూ ఆ గీతను గమనించాలి. ఫ్యాక్టరీ రేకుమీద అది సాఫీగా జారుతుంది. పుట్టీ పెట్టి అరగదీసిన చోటికి రాగానే గీత వణుకుతుంది, వంగుతుంది. దీనికి కారణం చిన్నప్పుడు చదువుకున్న పరావర్తన సూత్రమే. ఉపరితలం ఒక డిగ్రీ వంగితే దానిమీదినుంచి తిరిగొచ్చే కిరణం రెండు డిగ్రీలు పక్కకు జరుగుతుంది. వేలితో తడిమితే తెలియని పల్లం కూడా అందుకే ప్రతిబింబంలో కనిపిస్తుంది.

తర్వాత రేకుల మధ్య సందులు చూడాలి. బోనెట్‌కు, ఫెండర్‌కు మధ్య ఉండే సందు సాధారణంగా మూడునుంచి అయిదు మిల్లీమీటర్లు ఉంటుంది. కచ్చితమైన అంకె మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి దాన్ని గుర్తుపెట్టుకోవలసిన పనిలేదు. చూడవలసినవి రెండు: సందు మొదటినుంచి చివరివరకు ఒకేలా ఉందా, కుడిపక్క ఎంతుందో ఎడమపక్క అంతే ఉందా. పేపరు కార్డులను ఒకదానిమీద ఒకటి పేర్చి, పెయింటు గీసుకోకుండా సందులో పెట్టి పోల్చవచ్చు. తలుపులు మూసేటప్పుడు వచ్చే చప్పుడును కూడా రెండు పక్కలా పోల్చాలి. ఒక తలుపు ఎత్తి మూయాల్సి వస్తే కీలు అరిగి ఉండవచ్చు, లేదా పిల్లరే కదిలి ఉండవచ్చు.

పెయింటు మందం చెప్పే సంగతులు

ఫ్యాక్టరీలో బాడీని ముందుగా రసాయన తొట్టెల్లో ముంచి, విద్యుత్తు సాయంతో తుప్పు నిరోధక పొర ఎక్కిస్తారు. దానిపైన ప్రైమర్, రంగు, చివర పారదర్శకమైన క్లియర్ కోటు వేస్తారు. ఈ పొరలన్నీ కలిపి సాధారణంగా 100నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంటే ఫ్యాక్టరీ పెయింటు మొత్తం మందం మిల్లీమీటరులో ఆరో వంతును కూడా సాధారణంగా దాటదు.

షెడ్డులో మళ్లీ రంగు వేసినప్పుడు పాత పొరమీద కొత్త పొర చేరుతుంది కాబట్టి మందం 200నుంచి 300 మైక్రాన్ల దాకా పోవచ్చు. సొట్టను పుట్టీతో పూడ్చి రంగు వేస్తే 500 దాటుతుంది, వెయ్యినీ దాటవచ్చు. ఈ తేడాను కొలవడానికి పెయింట్ మందం గేజ్ అనే చేతి పరికరం దొరుకుతుంది. దాని కొనలో ఒక కాయిల్ ఉంటుంది. ఇనుము దగ్గరయ్యే కొద్దీ కాయిల్ అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పును బట్టి, మధ్యలో ఉన్న పొర ఎంత మందమో అది లెక్కగడుతుంది. అల్యూమినియం రేకులకు ఈ పద్ధతి పనిచేయదు. వాటిమీద ఎడ్డీ కరెంట్లను వాడే గేజ్ కావాలి. ప్లాస్టిక్ బంపర్‌మీద రెండూ పనిచేయవు.

గేజ్ లేనివారికి ఫ్రిజ్‌మీద అంటించే పలుచని అయస్కాంతం కొంత సాయపడుతుంది. దాన్ని మెత్తని గుడ్డలో చుట్టి రేకుమీద ఆనించాలి. మామూలు చోట అతుక్కుని, ఒకచోట జారిపోతే అక్కడ అయస్కాంతానికీ ఇనుముకూ మధ్య పుట్టీ ఉందని అర్థం. ఇది మందపాటి పుట్టీని మాత్రమే పట్టిస్తుంది. ఒక కోటు రంగును కనిపెట్టలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మళ్లీ రంగు వేసిన ప్రతి రేకూ ప్రమాదానికి గుర్తు కాదు. మన రోడ్లమీద బంపర్ మూలలకు, తలుపులకు గీతలు పడటం మామూలు విషయం. రంగు మారిన రేకు ఒక ప్రశ్న మాత్రమే. దానికి జవాబు రేకు వెనకాల ఉంటుంది.

బోల్టు తల, వెల్డింగ్ చుక్క

బోనెట్ ఎత్తితే ఫెండర్‌ను బిగించిన బోల్టులు వరసగా కనిపిస్తాయి. చాలా కార్లలో ఫ్యాక్టరీలో రేకులు బిగించాకే రంగు వేస్తారు కాబట్టి బోల్టు తలమీద కూడా అదే రంగు ఉంటుంది. స్పానర్ పెట్టి తిప్పితే ఆ తల మూలల్లో రంగు రాలిపోతుంది. బోల్టు కింద పాత ముద్ర కొంచెం పక్కకు జరిగి కనిపించినా ఆ రేకును ఒకసారి విప్పారని తెలుస్తుంది. బోనెట్, తలుపుల కీళ్ల బోల్టులనూ ఇలాగే చూడాలి.

తర్వాత అప్రాన్లను చూడాలి. ఇంజిన్‌కు రెండు పక్కలా, సస్పెన్షన్ పైకొన బిగించి ఉండే రేకు ఇది. దాని అంచు పొడవునా గుండ్రని చిన్న గుంటలు దాదాపు సమాన దూరంలో కనిపిస్తాయి. ఇవి స్పాట్ వెల్డింగ్ గుర్తులు. ఫ్యాక్టరీలో రెండు రేకులను రాగి కొనల మధ్య నొక్కి, బలమైన విద్యుత్తు పంపుతారు. రేకుల అతుకు దగ్గర నిరోధం వల్ల వేడి పుట్టి, ఆ చుక్క దగ్గర రెండూ కరిగి ఒకటవుతాయి. ఒక కారులో ఇలాంటివి కొన్ని వేలు ఉంటాయి. రోబోలు చేసినవి కాబట్టి అవి క్రమంగా ఉంటాయి. షెడ్డులో అతికితే ఆ క్రమం తప్పుతుంది. గుంటకు బదులు ఉబ్బెత్తు బొడిపెలు, గ్రైండర్ గీతలు, చేత్తో పూసిన సీలెంటు కనిపిస్తాయి. ఒకవైపు అప్రాన్ చుక్కలను రెండోవైపు వాటితో పోలిస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

పిల్లర్ల దగ్గర కూడా ఇదే పద్ధతి. తలుపు తెరిచి, అంచున ఉన్న రబ్బరు బీడింగ్‌ను కొద్దిగా లాగితే దానికింద స్పాట్ వెల్డింగ్ వరస బయటపడుతుంది. చూశాక బీడింగ్‌ను తిరిగి నొక్కేయవచ్చు. డిక్కీలో తివాచీ ఎత్తి, స్టెప్నీ టైరు తీసి, దాని గుంత అడుగు చూడాలి. వెనకనుంచి దెబ్బ తగిలిన కారులో ఈ గుంత రేకు ముడతలు పడి ఉంటుంది. దాన్ని సుత్తితో సరిచేసిన గుర్తులు సాధారణంగా పూర్తిగా పోవు.

ఒక కారును వరసగా చూస్తే

ఈ గుర్తులను ఎలా కలిపి చదవాలో ఒక ఊహాత్మక ఉదాహరణలో చూద్దాం. ఏడేళ్ల నాటి తెల్లని హ్యాచ్‌బ్యాక్ కారు. పైకప్పుమీద గేజ్ 110 మైక్రాన్లు చూపింది. పైకప్పుకు గీతలు పడటం అరుదు కాబట్టి దీన్ని ఆ కారు అసలు పెయింటు మందంగా తీసుకోవచ్చు. కుడి ఫెండర్ 115, కుడి తలుపులు 108నుంచి 120 మధ్య ఉన్నాయి. బోనెట్ 240. ఎడమ ఫెండర్ 170. ఎడమ ముందు తలుపు మీద చాలాచోట్ల 115 ఉండగా, ముందంచు దగ్గర 680కి పెరిగింది.

అమ్మేవారు బోనెట్‌కు గీతలు పడితే రంగు వేయించామని చెప్పారు. ఒక్క బోనెట్ విషయంలో ఆ మాట సరిపోతుంది. అయితే ఎడమ తలుపు ముందంచులో అరమిల్లీమీటరుకు పైగా పుట్టీ ఎందుకుంది? ఫెండర్ వెనక్కి తోసుకొచ్చి తలుపు అంచును గుద్దితే అక్కడ సొట్ట పడుతుంది. అలా వెనక్కి తోసేంత బలం ముందునుంచి రావాలి. ఎడమ ఫెండర్ బోల్టుల తలలమీద రంగు రాలి ఉంది. మందం 170 ఉండటాన్ని బట్టి, ప్రైమర్‌తో వచ్చిన కొత్త ఫెండర్‌కు షెడ్డులో రంగు వేసి బిగించి ఉండవచ్చు. బోనెట్ సందు కుడివైపు అంతటా 4 మిల్లీమీటర్లు. ఎడమవైపు మాత్రం అద్దం దగ్గర 3, హెడ్‌లైట్ దగ్గర 6.

ఇప్పటికి తెలిసిందల్లా దెబ్బ ఎడమ ముందు మూలనుంచి వచ్చిందని. ఎముకకు తగిలిందా అన్నది ఇంకా తేలలేదు. టార్చి వేసి చూస్తే కుడి అప్రాన్ అంచున చుక్కలు క్రమంగా ఉన్నాయి. ఎడమవైపు ఒక జానెడు మేర చుక్కలు లేవు, సీలెంటు పూసి ఉంది. ఇక్కడితో బేరం ఆపేయడానికి తగిన కారణం దొరికినట్టే. అదే రెండు అప్రాన్ల చుక్కలూ ఒకేలా ఉండి, సందులు సమానంగా ఉండి ఉంటే, అవే పెయింటు అంకెలను ఫెండర్ మార్పిడితో ముగిసిన చిన్న దెబ్బగా చదవవలసి వచ్చేది. అడుగుభాగం చూశాక ధర తగ్గించి అడిగి తీసుకోవచ్చు కూడా.

కింద నుంచి చూస్తే

అడుగుభాగం చూడాలంటే కారును సర్వీస్ షెడ్డులో ర్యాంపు మీదికి ఎక్కించాలి. జాకీ మీద మాత్రమే నిలబడిన కారు కిందికి ఎవరూ దూరకూడదు.

ముందుగా దూలాలను చూడాలి. అవి తిన్నగా ఉండాలి, రెండు పక్కలా ఒకేలా ఉండాలి. ఫ్యాక్టరీ వాళ్లు నలగడానికి వీలుగా పెట్టిన గాడులు రెండు దూలాల్లోనూ ఒకే చోట, ఒకే ఆకారంలో ఉంటాయి. ఒక దూలంలో మాత్రమే అలలు కనిపిస్తే అది దెబ్బ గుర్తు. తలుపుల కింద, జాకీ పెట్టేచోట కిందికి దిగిన రేకు అంచు ఉంటుంది. దానిమీద వరసగా పళ్లు దిగిన గుర్తులుంటే, కారును బెంచికి బిగించి బాడీని లాగి సరిచేసి ఉండవచ్చు. జాకీ వల్ల ఒకటి రెండు చోట్ల అంచు వంగడం వేరు, పంటిగాట్ల వరస వేరు.

అనుమానం తీరకపోతే కొలవవచ్చు. దూలాలమీద కుడి ఎడమల్లో ఒకే స్థానంలో ఉన్న రంధ్రాల జతలను ముందు ఒకటి, వెనక ఒకటి ఎంచుకోవాలి. ముందు ఎడమనుంచి వెనక కుడికి, ముందు కుడినుంచి వెనక ఎడమకు టేపు పట్టాలి. నాలుగు బిందువులు సమంగా ఉంటే రెండు కర్ణాలూ సమానమవుతాయి. బాడీ ఒకపక్కకు ఒరిగితే ఒక కర్ణం పెరిగి రెండోది తగ్గుతుంది. టేపుతో ఒకటి రెండు మిల్లీమీటర్ల పొరపాటు సహజం. తేడా సెంటీమీటరుకు చేరితే అది కొలతలో పొరపాటు కాదు. టైర్లూ ఇదే సంగతి చెబుతాయి. ఒక ముందు టైరు లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే, అలైన్‌మెంట్ చేయించినా అది సరికాకపోతే, చక్రాన్ని పట్టుకున్న భాగమే వంగి ఉండే అవకాశం ఉంది.

ఏ తుప్పుకు భయపడాలి

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిసినచోట ఒక చిన్న విద్యుత్ ఘటం ఏర్పడుతుంది. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది, పక్కనే ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. నీటిలో ఉప్పు ఉంటే విద్యుత్తు సులువుగా ప్రవహించి ఈ చర్య వేగం పుంజుకుంటుంది. విశాఖపట్నం, చెన్నై, ముంబై వంటి సముద్రతీర నగరాల్లో తిరిగిన కార్ల అడుగుభాగాన్ని మరింత శ్రద్ధగా చూడమనేది ఇందుకే. ఆ ఉప్పు గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి వానలేని రోజుల్లోనూ రేకు తడిగానే ఉంటుంది.

తుప్పంతా ఒకటి కాదు. సైలెన్సర్ గొట్టంమీద, సస్పెన్షన్ చేతులమీద, వానలో నిలిచిన కారు బ్రేక్ డిస్కుమీద కనిపించే పలుచని ఎర్ర పొర సాధారణం. ఆ లోహం మందంగా ఉంటుంది, కరగడానికి చాలా ఏళ్లు పడుతుంది. ప్రమాదమంతా పలుచని రేకు పెట్టెల్లో ఉంది. తుప్పు తానెక్కిన ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, లోపల తుప్పు పట్టినప్పుడు బయట పెయింటు బుడగలా లేస్తుంది. తలుపుల కింది అంచుల్లో, చక్రాలపై రేకు మడతల్లో ఇలాంటి బుడగ కనిపిస్తే అది లోపలినుంచి బయటికి వచ్చిన తుప్పని అనుమానించాలి. తలుపుల అడుగున నీరు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడుకుపోతే నీరు లోపలే నిలిచి ఈ పని చేస్తుంది.

అనుమానమున్న చోట, యజమాని అనుమతితో, స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టి చూడాలి. గట్టి రేకు స్పష్టంగా మోగుతుంది. లోపల తినేసిన రేకు మొద్దుగా పలుకుతుంది, పొరలు రాలుస్తుంది. ఇక అడుగంతా దుమ్ముపట్టి ఉండగా ఒక భాగం మాత్రం కొత్త నల్లపూతతో నిగనిగలాడుతుంటే అనుమానించాలి. అండర్‌కోటింగ్ మంచిదే. అమ్మకానికి నాలుగు రోజుల ముందు, అదీ ఒకచోట మాత్రమే వేయడానికి వేరే కారణం ఉండవచ్చు.

వరదలో మునిగిన కారు గుర్తులూ ఇక్కడే దొరుకుతాయి. 2015 డిసెంబరులో చెన్నైలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కార్లు పెద్ద సంఖ్యలో నీట మునిగాయి. అలాంటి కారు బయటకు శుభ్రంగానే ఉంటుంది. ముందు సీటును వెనక్కి జరిపి దాని కింది బోల్టులను, పట్టాలను చూడాలి. ఎప్పుడూ తడవకూడని చోట తుప్పుంటే కారణం ఉండాలి. సీటు బెల్టును చివరిదాకా లాగితే మురికినీటి గీత బయటపడవచ్చు. డ్యాష్‌బోర్డు కింద వైర్ల గుత్తుల మధ్య, స్టెప్నీ గుంత మూలల్లో ఎండిన సన్నని ఒండ్రు మిగిలిపోతుంది.

కన్ను చూడలేనివి

ఇంత చేసినా కొన్ని సంగతులు బయటపడవు. బాగా శిక్షణ ఉన్న పనివాడు స్పాట్ వెల్డింగ్ యంత్రంతోనే రేకును అతికితే గుర్తించడం కష్టం. మూసిన దూలం లోపలి తుప్పు తట్టినా తెలియకపోవచ్చు. అందువల్ల బాడీమీద దొరికిన గుర్తులను కాగితాలతో సరిచూసుకోవాలి. బాడీమీద చెక్కిన ఛాసిస్ నంబరు ఆర్సీలో ఉన్నదానితో ఒక్క అక్షరమైనా తేడా లేకుండా కలవాలి. ఆ అంకెల చుట్టూ రేకు గీరినట్టుగానీ అతికినట్టుగానీ ఉండకూడదు. ఇన్సూరెన్స్ క్లెయిముల వివరాలు, సర్వీసు బిల్లులు అడగాలి. ఎడమ ముందు మూలలో పుట్టీ, మారిన ఫెండర్, వాటికి సరిపోయే తేదీతో ఒక చిన్న బిల్లు, చెక్కుచెదరని అప్రాన్ ఉంటే కథ కుదిరినట్టు. అప్రాన్‌లో చుక్కలు మాయమై, బిల్లు మాత్రం బంపర్ రంగుకే ఉంటే, నమ్మవలసింది బిల్లును కాదు, ఉక్కును.